ఒక కిటికీ, మూడు ప్లేట్లు

ఆదివారం ఎనిమిదింటికల్లా కాఫీ ముగించి, తొమ్మిదింటికి ఒక ఫోటో తీసి, పన్నెండింటికల్లా దాన్ని కడిగి ఆరబెట్టి, భోజనం చేసి, గంటన్నర కునుకు తీసి, సాయంత్రం తాపీగా నడిచి వెళ్ళి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చి రావాలని మల్లేశ్వరరావు అనుకున్నాడు. ఆ మొత్తం పథకంలో అతను అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించి పెట్టుకున్నది కునుకు.

మల్లేశ్వరరావు రాయపూర్ స్టేషన్ గూడ్సు ఆఫీసులో గుమాస్తా. విజయనగరం నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. స్వరాజ్యం వచ్చిన ఏడు ఇంగ్లండు వెళ్ళిపోతూ ఒక గార్డు దొర గాజు ప్లేట్ల మీద బొమ్మ పడే తన ప్లేటు కెమెరాను, మూడు కాళ్ళ స్టాండుతో సహా అతని చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఇన్‌స్టిట్యూట్ ఫోటోల పోటీకి పంపుతూనే ఉన్నాడు. నిరుడు పంపిన వంతెన ఫోటోను అక్కడివాళ్ళు తలకిందులుగా తగిలించారు. ప్రదర్శన అయ్యేదాకా ఆ సంగతి ఎవరూ గమనించలేదు, మల్లేశ్వరరావు తప్ప. ఆ రోజు ఇంటికి వచ్చి, "ఇంకొక్కసారి చూస్తాను. ఈసారీ ఇంతే అయితే కెమెరా పెట్టెలో పెట్టి తాళం వేసేస్తాను" అని భార్య ముందు ఒట్టు పెట్టుకున్నాడు. రమణమ్మ ఆ ఒట్టు విని సంతోషించలేదు. కెమెరా లేని ఆదివారాల్లో ఆయన కందిపప్పులో రాళ్ళు ఎలా ఏరాలో తనకు నేర్పడానికి వస్తాడని ఆమెకు తెలుసు.

ఈ ఏటి పోటీకి అందరూ ఒకే అంశం మీద తియ్యాలని నోటీసు అంటించారు. 'పళ్ళు, ఇత్తడి పాత్రలు. వెలుగు ఒకే ఒక కిటికీ నుంచి రావలెను. నీడలు చిక్కగా ఉండవలెను. చిత్రంలో మనుషులు ఉండరాదు. నవంబరు పదహారు, ఆదివారం సాయంత్రం అయిదు గంటల తరువాత వచ్చినవి తీసుకోబడవు.' అది చదివి సగంమంది పోటీ మానుకున్నారు. మల్లేశ్వరరావు మాత్రం నోటీసును నాలుగుసార్లు చదివి, ఇంటికొచ్చి నెల రోజులు గోడలు చూస్తూ కూర్చున్నాడు. ఏ గంటకు ఏ గోడ మీద ఎంత వెలుగు పడుతుందో కాగితం మీద రాసుకున్నాడు. ముందుగదిలో ఉత్తరం కిటికీ ఒకటుంది. దానిలోంచి ఎండ నేరుగా రాదు, పొద్దంతా ఒకేలాంటి మెత్తని వెలుగు వస్తుంది. ఇక కావలసింది మిగతా వెలుగునంతా గదిలోంచి గెంటెయ్యడమే.

ఆ ఉదయం వీధివైపు కిటికీకి ఒక దుప్పటి, పైనున్న చిన్న గవాక్షానికి ఒక గోనె కొట్టాడు. నల్లకంబళి ఒకటి కావలసి వచ్చి, తల్లి సూరమ్మ కప్పుకొని పడుకున్నది లాగేశాడు.

"ఒరే మల్లేసు, బతికుండగానే పీకేత్తావేట్రా నా కంబళీ?" అంది సూరమ్మ లేచి కూర్చుని. ఆమెకు చెవి కొంచెం మందం, గొంతు మాత్రం అయిదు ఇళ్ళవతలికి వినిపిస్తుంది.

"రెండు గంటలే అమ్మా! బ్యాక్‌గ్రౌండు!"

"బాకీ ఎవరికిరా?"

సూరమ్మ ముఖం కడుక్కుని, సంచీ తీసుకుని, "గుఢియారీ సంతకి పోతన్నాను, వంకాయలు తెత్తాను" అని చెప్పింది. ఆ సమయంలో కొడుకు తల కెమెరా వెనక నల్లగుడ్డలో ఉంది. "ఊఁ" అన్నాడు కానీ ఏమీ వినలేదు. రమణమ్మ పెరట్లో కుళాయి దగ్గర కళ్ళు గట్టిగా మూసుకుని తలంటుకుంటోంది. సూరమ్మ పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

బల్లను కిటికీకి మూడడుగుల దూరంలో, వెలుగు ఎడమ పక్క నుంచి పడేలా వేశాడు. కంబళిని బల్లకు ఆనించకుండా అయిదడుగులు వెనక్కి కట్టాడు. దగ్గరగా కడితే దానిమీదా వెలుగు పడి ఉన్నిపోగులు లెక్కపెట్టేలా కనిపిస్తాయి. దూరంగా ఉంటే అది కంబళి కాదు, ఉత్త చీకటి. కిటికీ కింది సగానికి అట్టముక్క అడ్డం పెట్టాడు. అప్పుడు వెలుగు పైనుంచి ఏటవాలుగా జారి, ఏ వస్తువు మీద పడ్డా ఒక చెంప వెలిగి రెండో చెంప మసకబారింది. వెనక ఇత్తడి బిందె, ముందు చెంబు, పక్కన అంచు కొంచెం ఎత్తి ఆనించిన పళ్ళెం. పళ్ళెంలో రెండు జామపళ్ళు, నాగపూర్ నారింజలు మూడు, ఒక సీతాఫలం. సీతాఫలం అంటే అతనికి ప్రత్యేకమైన అభిమానం. పక్కనుంచి వెలుగు పడితే దాని ఒక్కొక్క బుడిపెకూ ఒక్కొక్క నీడ ఉంటుంది. నారింజలు ఈ ప్లేటు మీద ఎలాగూ నల్లగానే పడతాయి, ఎందుకంటే ఆ రకం ప్లేటుకు ఎరుపు, నారింజ రంగులు కనిపించవు. అందుకే వాటిని వెనక్కి, నీడవైపు పెట్టాడు. జామపండు తెల్లగా పడుతుంది కనక ముందుకు తెచ్చాడు.

అన్నీ కుదిరాక ఒక్కటే కుదరలేదు. నెల రోజులు ముట్టుకోవద్దని చెప్పి ఉంచిన ఇత్తడి సామాను, గోధుమ రంగు తిరిగి పాతబడి ముద్దుగా ఉండవలసింది, పెళ్ళిపందిట్లో లాగా ధగధగా మెరిసిపోతోంది.

"ఎవరు తోమారు వీటిని?"

"నేనే. చింతపండేసి తోమాను" అంది రమణమ్మ తడిజుట్టు తువ్వాలుతో ఒత్తుకుంటూ. "పదిమందీ చూసే ఫోటోలో కిలుం పట్టిన సామాన్లు పెడతారా ఏమండీ? రేపు నన్నంటారు. మన చెంబుకి సొట్ట ఉందని బంగారమ్మ వదినని అడిగి వాళ్ళ చెంబు కూడా తెచ్చి తోమాను."

అతను ఏదో అనబోయి, ఆమె వేళ్ళు చింతపండుకి తెల్లబడి ఉండటం చూసి ఊరుకున్నాడు. పైగా ఉన్నవి మూడే ప్లేట్లు. కలకత్తా నుంచి కొత్తవి రావడానికి నెల పడుతుంది. పోట్లాటకు టైము లేదు.

"నువ్వు ఈ తెల్లపంచె రెండు చేతుల్తో విప్పి పట్టుకుని కుడిపక్కన నిలబడు. కిటికీ వెలుగు దానిమీద పడి నీడలోకి రవ్వంత తిరిగి రావాలి. చీకటి ఉండాలి కానీ గొయ్యిలా ఉండకూడదు. నూట ఇరవై లెక్కపెట్టేదాకా కదలకు."

"జుట్టు ఆరలేదండీ."

"నీడలో ఆరుతుంది" అని, కెమెరా వెనక గరుకు గాజు మీద తలకిందులుగా తేలుతున్న బిందెనూ పళ్ళనూ చివరిసారి సరిచూసి, ప్లేటు ఎక్కించి, లెన్సు మూత తీశాడు. తీసి, పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మనసులో లెక్కపెడితే ఆత్రం కొద్దీ నూట ఇరవై కాస్తా ఎనభై సెకన్లకే అయిపోతుందని అతని అనుభవం.

డెబ్బై అయిదు దగ్గర వీధి తలుపు చప్పుడైంది.

"వదినా! రమణమ్మ వదినా! నా చెంబిచ్చీ!" పక్కింటి బంగారమ్మ. మంచి మనిషి. ఎవరింట్లో కష్టమున్నా ముందుగా వచ్చేదీ ఆవిడే, ఆ కష్టం గురించి నలుగురికీ ముందుగా చెప్పేదీ ఆవిడే.

"తలుపు తియ్యకు! తీశావంటే అంతా నాశనం! డెబ్బై తొమ్మిది, ఎనభై" అన్నాడు మల్లేశ్వరరావు.

బంగారమ్మ కంగారుపడి తలుపు సందున కన్ను పెట్టింది. లోపల చీకటి. కిటికీలకు దుప్పట్లు. ఆ చీకట్లో ఇత్తడి బిందె, చెంబు, పళ్ళెంలో పళ్ళు. వాటి పక్కన రమణమ్మ తలంటుకుని జుట్టు విరబోసుకుని, తెల్లబట్ట రెండు చేతుల్తో పట్టుకుని, కన్నార్పకుండా నిలబడి ఉంది.

"వదినా, ఏటది? పలకవేం?"

"తర్వాత, తర్వాత" అంది రమణమ్మ పెదవులు కదలకుండా.

"సూరమ్మ పిన్నేదీ? కనపళ్ళేదేటి పొద్దున్నించీ?"

"పడుకుంది."

"ఈయేళప్పుడా? ఆరింటికే లేచీసే మనిసి!" బంగారమ్మ గొంతు తగ్గింది. "జరమా? ఒళ్ళు కాలతందా? ఎంతుందేటి?"

"నూట రెండు" అన్నాడు మల్లేశ్వరరావు.

"అమ్మో!"

"నూట మూడు."

"ఓలమ్మో!"

"నూట నాలుగు."

బంగారమ్మ అక్కడ ఆగలేదు. తలంటు, చీకటిగది, పళ్ళు, తెల్లబట్ట, నూట నాలుగు జ్వరం. ఆవిడకు ఇంకేమీ అడగనక్కర లేకపోయింది. అయిదు నిమిషాల్లో ఆ వరసలోని ప్రతి వంటింట్లోనూ సూరమ్మకు అమ్మవారు పోసిందని తెలిసింది. పాలు పోయడానికి వచ్చిన ఆడమనిషి కడవ దించకుండానే "మాతా ఆయ్ హే!" అని చెంపలు వేసుకుని, ఆ మాటను స్టేషన్ అవతలికి కూడా మోసుకుపోయింది.

లోపల మల్లేశ్వరరావుకు ఇవేమీ తెలియవు. కిటికీ లేని సామాన్ల గదిలో లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టి, మొదటి ప్లేటును ఫోటో కడిగే మందులో ఊపుతున్నాడు. నల్లబడ్డ చోట్లే వెలుగులని, తెల్లగా మిగిలినవే నీడలని మనసులో తిరగేసుకుంటూ చూశాడు. బిందె వచ్చింది. సీతాఫలం బుడిపెలతో సహా వచ్చింది. చెంబు కూడా వచ్చింది. ఆ చెంబు కడుపులో, అద్దంలో లాగా, ఒక కిటికీ, మూడు కాళ్ళ స్టాండు, దాని పక్కన తెల్ల బనీను వేసుకుని నోరు తెరిచి లెక్కపెడుతున్న ఒక మనిషి కూడా వచ్చారు.

"మనుషులు ఉండరాదు" అన్నాడు నీరసంగా.

"బాగానే పడ్డారండీ మీరు" అంది రమణమ్మ ఎర్రని వెలుగులో తొంగిచూసి.

తప్పు తెలిశాక విరుగుడు తోచింది. సబ్బు నురగ తీసి ఇత్తడి మీద పలచగా పూసి ఆరనిచ్చాడు. మెరుపు చచ్చి, వెన్నెలలాంటి మసక కాంతి ఒకటి మిగిలింది. చెంబు భుజం మీద మాత్రం గోరంత చోట తుడిచి, కిటికీ చుక్కలా మెరిసేలా వదిలాడు. తను బనీను మీద చలికాలపు నల్లకోటు తొడిగి మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. రెండో ప్లేటు ఎక్కించి మూత తీశాడు.

నలభై దాకా వెలుగు మహా చక్కగా ఉంది. నలభై ఒకటి దగ్గర చెంబు మీది చుక్క ఆరిపోయింది. నలభై నాలుగు దగ్గర జామపళ్ళు కనబడ్డం మానేశాయి. పళ్ళెం మీద ఆకుల నీడలు ఊగడం మొదలుపెట్టాయి. తలెత్తి చూస్తే ఉత్తరం కిటికీ బయట రెండు గాజుల చేతులు. వేపరెమ్మలు కడుతున్నాయి.

"కిటికీ! నా కిటికీ!" అని అతను పెట్టిన కేకకు రమణమ్మ చేతిలో పంచె జారిపోయింది.

"పాపం, ఈయనకీ సంధి కొట్టింది" అంది బయట బంగారమ్మ.

మల్లేశ్వరరావు తలుపు తీసుకుని వీధిలోకి ఉరికాడు. ఉరికి ఆగిపోయాడు. గుమ్మంలో పసుపునీళ్ళు చల్లి ఉన్నాయి. మెట్ల మీద అరటిపళ్ళ అత్తాలు, కొబ్బరికాయలు, చల్ల ముంత, ఒక బొప్పాయి. ఇరవైమంది ఆడవాళ్ళు, పదిమంది మగవాళ్ళు దూరంగా నిలబడి చేతులు జోడించి ఉన్నారు. వాళ్ళకు కనబడిందేమిటంటే, నవంబరు ఎండలో నల్లకోటు బిగించి వణుకుతున్న మనిషి, నల్లగుడ్డలో దూరి దూరి చెదిరిన జుట్టు, ముంజేతుల నిండా మందు చుక్కలు పడి గోధుమ రంగు మచ్చలు.

"అయిగో! చేతుల మీద!" అని ఎవరో అన్నారు. గుంపు ఒక్కసారిగా పదిగజాలు వెనక్కి జరిగింది.

"ఏమైంది? ఎవరికేమైంది?" అని అడిగాడు మల్లేశ్వరరావు.

"తెలీడం కూడా లేదు పాపం" అని కళ్ళు ఒత్తుకుంది బంగారమ్మ. "లోపలికెళ్ళిపో అన్నియ్యా, గాలి తగలకూడదు. నా చెంబు కూడా నువ్వే ఉంచీసుకో. మళ్ళీ ఇచ్చీకు!"

సరిగ్గా అప్పుడు గుఢియారీ వైపు నుంచి సంచీ చంకన పెట్టుకుని సూరమ్మ వచ్చింది. నూట నాలుగు జ్వరంతో మంచం మీద ఉండవలసిన మనిషి సంత చేసుకుని వంకాయలతో రావడం చూసి జనం ఒకరి వెనక ఒకరు నక్కారు. వాళ్ళ ఆలోచన ఒకటే: ఈవిడ ఒళ్ళు తెలియని జ్వరంలో లేచి గుఢియారీ అంతా తిరిగి వచ్చింది. సూరమ్మ ఒకడుగు ముందుకు వేస్తే వాళ్ళు నాలుగడుగులు పక్కకు తప్పుకున్నారు. చెవి వినిపించని సూరమ్మ, దారి ఇస్తున్నారనుకుని సంతోషించింది.

"ఇన్నాళ్ళకి పెద్దోళ్ళంటే గౌరవమొచ్చింది మీకు" అంది. "ఇదేటి, పళ్ళు పంచుతన్నారా?" అంటూ మెట్ల మీది అరటిపండొకటి ఒలుచుకుంది.

ఇంతలో సైకిలు గంట మోగింది. కబురు అందుకుని శానిటరీ ఇన్‌స్పెక్టరు వెంకటస్వామి వచ్చాడు. పర్లాకిమిడి వాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. క్యారియరు మీద టీకాల పెట్టె. ఈ రైల్వే క్వార్టర్లలో ఆ పెట్టెకున్న పేరు అలాంటిలాంటిది కాదు. అది వీధి మొదట్లో కనిపిస్తే చివరిదాకా గడియలు పడేవి. మూడేళ్ళుగా తిరుగుతుంటే కిందటి నెల పదకొండు మంది దొరికారు. అందులో ఒకడు తూకానికి పిలుస్తున్నారనుకుని వచ్చినవాడు. పైనుంచి డాక్టరుగారు మెమో మీద మెమో పంపుతున్నారు. ఈసారీ లెక్క పెరగకపోతే జంగిల్ లైనుకు బదిలీ అని ఆఖరి మెమోలో ఉంది.

"అందరూ పీఛే హటో! వెనక్కి జరగండి!" అని వెంకటస్వామి ముక్కుకు రుమాలు కట్టుకుని, సూరమ్మనూ మల్లేశ్వరరావునూ ముందు పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు మూశాడు.

చీకటికి కళ్ళు అలవాటు పడటానికి కాస్త పట్టింది. అప్పుడు బల్ల కనిపించింది. నీడలోంచి సగమే తేలిన బిందె, చెంబు భుజం మీద చిన్న చుక్క, చీకటిలోకి దొర్లిపోతున్నట్టున్న నారింజలు, ఒక పక్కంతా వెలుగు తాగుతున్న జామపండు. వెంకటస్వామి రుమాలు దించాడు.

"ఇదేమిటండీ?"

మల్లేశ్వరరావు చెప్పాడు. నోటీసు దగ్గర మొదలుపెట్టి, నూట ఇరవై లెక్కదాకా. చెబుతుంటే రమణమ్మకు ముందుగా అర్థమై, పంచె నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంకటస్వామి నవ్వలేదు. సూరమ్మ నాడి చూశాడు, నాలుక చూశాడు, చేతులు తిప్పి చూశాడు. మల్లేశ్వరరావు మచ్చలను స్పిరిటుతో రుద్ది వాసన చూశాడు.

"అయితే జబ్బేమీ లేదు."

"లేదు. బయటికెళ్ళి మీరే చెప్పండి. ఆ వేపరెమ్మలు తీయించండి. నాకు మిగిలింది ఒకటే ప్లేటు. పన్నెండవుతోంది."

వెంకటస్వామి తలుపు సందులోంచి చూశాడు. వేపచెట్టు కింద జనం వరస కడుతున్నారు. ఎవరూ చెప్పకుండానే. చొక్కాల చేతులు భుజాల దాకా మడుచుకుని ఉన్నారు. ఇంజను డ్రైవరు నూకరాజు, బంగారమ్మ మొగుడే, టీకా అంటే మిద్దె మీదినుంచి దూకి పారిపోయిన ఖ్యాతి ఉన్నవాడు, అందరికంటే ముందున్నాడు.

ఇన్‌స్పెక్టరు వరసను వేలితో లెక్కపెట్టుకుని ఇటు తిరిగాడు.

"మల్లేశ్వరరావు గారూ, మీకు కావలసిందేమిటి? కిటికీ మీద ఆకులుండకూడదు. ఎవరూ తలుపు కొట్టకూడదు. అంతేనా?"

"అంతే."

"నాకు కావలసింది నాలుగు గంటల టైము. ఈ తలుపు నాలుగింటిదాకా తెరవకండి." తలుపు తీయబోతూ ఆగాడు. "నేను అబద్ధం చెప్పను. ప్రభుత్వోద్యోగిని. అందుకని పెద్దావిడకి కూడా టీకా వేసి తీరాలి."

సూరమ్మ ఒప్పుకోలేదు. ములుకుల బిళ్ళను చేతిమీద పెట్టి తిప్పినప్పుడు ఆమె పెట్టిన కేక విని వీధిలో వరస ఇంకా పొడుగైంది.

బయటికి వచ్చి వెంకటస్వామి చెప్పింది నాలుగే మాటలు. "లోపలున్నది చూశాను. ఇరవై గజాల్లోకి ఎవరూ రాకూడదు. కిటికీ మీది ఆకులు తీసెయ్యండి, గాలీ వెలుగూ ఆడాలి. టీకాలు వేయించుకోనివాళ్ళు వచ్చి కూర్చోండి." ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఆ తరవాత ఆ వీధిలో ఎన్నడూ లేని నిశ్శబ్దం. ఏ పిల్లా ఏడవలేదు, ఏ కుక్కనూ ఎవరూ అదిలించలేదు. మల్లేశ్వరరావు నల్లగుడ్డలో తల దూర్చి గరుకు గాజు మీదికి చూశాడు. పళ్ళు తలకిందులుగా, చీకటిలోంచి వేలాడుతున్నట్టు ఉన్నాయి. ఏదో తక్కువనిపించింది. సూరమ్మ మెట్ల మీంచి సంచీలో వేసుకొచ్చిన అరటిపళ్ళలోంచి ఒక్కటి తీసి, మచ్చల తొక్క సగం నీడలోకి పోయేలా బల్ల అంచున పెట్టాడు. మళ్ళీ గుడ్డలో దూరాడు. ఈసారి బయటికి రావాలనిపించలేదు. నెల రోజులు గోడలు చూసి కాగితాల మీద రాసుకున్న వెలుగు అచ్చంగా అక్కడ ఉంది.

"రమణా, ఇటు రా. చూడు."

పదిహేనేళ్ళ కాపరంలో ఆ గుడ్డలోకి ఆమెను పిలవడం అదే మొదలు. రమణమ్మ తల దూర్చి చూసింది.

"ఇది మన బిందేనా అండీ?" అంది గుడ్డలోంచే.

మూత తీశాడు. నూట ఇరవై లెక్క మనసులోనే పెట్టాడు. పంచె పట్టుకున్న రమణమ్మ ఊపిరి కూడా బిగపట్టింది. సూరమ్మ వెనకగదిలో టీకా మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ కూర్చుంది కానీ, ఆ చప్పుడు ప్లేటు మీద పడదు.

కడగడం, బొమ్మ నిలబడటానికి హైపో మందులో వెయ్యడం, అరగంట నీళ్ళలో పెట్టడం, స్పిరిటు రాసి విసనకర్రతో ఆరబెట్టడం అయ్యేసరికి మూడున్నర. ప్లేటు కింద కాగితం పెట్టి లాంతరు ముందు వెలుగు చూపించి, అచ్చు తీసి, అది ఆరేసరికి నాలుగూ నలభై. పోస్టుకార్డుకంటే కొంచెం పెద్ద ఆ బొమ్మను పుస్తకంలో పెట్టుకుని మల్లేశ్వరరావు ఇన్‌స్టిట్యూట్‌కు పరుగెత్తాడు. భోజనం చెయ్యలేదు. కునుకు సంగతి గుర్తు కూడా రాలేదు.

ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ పరదేశి బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. మల్లేశ్వరరావును చూడగానే కుర్చీతో సహా గోడదాకా జరిగిపోయాడు.

"అక్కడే ఆగండి! మీ ఇంట్లో అమ్మవారట! ఆ ఫోటో నేను ముట్టుకోను!"

"అమ్మవారు లేదండీ. అది లెక్క. నూట నాలుగు జ్వరం కాదు, ఎక్స్‌పోజరు!"

"ఏ పేరుతో పిలిచినా అంటుకునేది అంటుకుంటుంది. డాక్టరు కాగితం తీసుకురండి. పక్కా కాగితం."

గోడ గడియారంలో అయిదుకు పన్నెండు నిమిషాలుంది. మల్లేశ్వరరావు వెనక్కి పరుగెత్తాడు. వేపచెట్టు కింద వెంకటస్వామి అప్పుడే పెట్టె మూస్తున్నాడు. కథంతా ఆయాసపడుతూ చెప్పగానే, ఇన్‌స్పెక్టరు కాగితం ముక్క తీసి సైకిలు సీటు మీదే పెట్టి రాసి, ముద్ర కొట్టి, మల్లేశ్వరరావును క్యారియరు మీద ఎక్కించుకుని తొక్కాడు. ఆ కాగితంలో ఇలా ఉంది: 'ఇందుమూలముగా తెలియజేయునది, ఈ ఫోటోను నేను స్వయముగా పరీక్షించితిని. దీనికి మశూచి లేదు.'

పరదేశి కాగితాన్ని రెండుసార్లు చదివి, ఫోటోను రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తీసుకున్నాడు. గడియారం అయిదు కొట్టింది. రూలు ప్రకారం కాగితాన్ని కూడా ఫోటో వెనక గుండుసూదితో గుచ్చాడు.

ఆ రాత్రికల్లా అసలు సంగతి క్వార్టర్లంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి వారం రోజులు ఎవరి చెయ్యీ పైకి లేవలేదు. "నూట నాలుగన్నాడు, నా రెండు చెవుల్తో ఇన్నాను!" అని బంగారమ్మ ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అందరికీ సంజాయిషీ చెప్పుకుంది. నూకరాజు మల్లేశ్వరరావుతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు మిగిలిన అరటిపళ్ళు తినడానికి వచ్చాడు.

తరవాతి ఆదివారం నాగపూర్ నుంచి వచ్చిన చిత్రకళ మాస్టారు ఫోటోలన్నీ చూశారు. తక్కినవాళ్ళంతా పళ్ళను ఎండలో పెట్టి, నల్లరంగు వేసిన అట్టలు వెనక నిలబెట్టి తీశారు. మాస్టారు మల్లేశ్వరరావు ఫోటో దగ్గర ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. నీడలోకి వేలు చూపించి, "దేఖియే, ఇక్కడ చీకటి ఉంది, చీకట్లో అట్ట లేదు" అన్నారు. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. వెనక్కి తిప్పి మశూచి కాగితం చదివి, ఏమీ అర్థంకాక, అదీ ఫోటోలో భాగమే అనుకుని జాగ్రత్తగా మళ్ళీ గుచ్చేశారు. ప్రదర్శనకు క్వార్టర్లంతా కదిలి వచ్చింది. "చీకట్లో ఏటీ కనపడ్డంలేదు గానీ, నా చెంబు మట్టుకు బాగా పడింది" అంది బంగారమ్మ. రమణమ్మ మెడ నిటారుగా పెట్టుకుని, ఎవరూ తనని చూడటం లేదనుకున్నప్పుడు ఆ ఫోటో ముందునుంచి నాలుగుసార్లు నడిచింది. కెమెరా పెట్టెలోకి వెళ్ళలేదు.

కానీ ఆ ఆదివారం వల్ల అందరికంటే ఎక్కువ బాగుపడ్డవాడు వెంకటస్వామి. ఒక్క పూటలో రెండువందల ముప్ఫైనాలుగు టీకాలు. ఆ లైను మొత్తం మీద అలాంటి లెక్క ఎవరూ చూడలేదు. బదిలీ రద్దయింది, మెమోల స్థానంలో మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దానితో పాటు ఒక ఫారం కూడా వచ్చింది. 'ప్రజలు స్వచ్ఛందముగా ముందుకు వచ్చుటకు కారణము' అన్న గడిలో వెంకటస్వామి బాగా ఆలోచించి, అబద్ధం రాయడం ఇష్టంలేక, 'ఫోటోగ్రఫీ' అని రాసి పంపాడు.

పై ఆఫీసువారు అది గుమాస్తా పొరపాటని కొట్టేసి, 'భయము' అని దిద్దుకున్నారు.